భవనం అమ్మి, అదే భవనంలో అద్దెకు ఉండాలా? లీజ్‌బ్యాక్‌లో ఏది ఎంచుకోవాలి, ఎంత లాభం చూపించొచ్చు

పోయిన మార్చి రెండో వారంలో ఒక కంపెనీ ఫైనాన్స్ హెడ్ నా ఆఫీసుకు వచ్చారు. చేతిలో డ్రాఫ్ట్ సేల్ అగ్రిమెంట్, దానికి పిన్ చేసిన లీజ్ డీడ్ ఉన్నాయి. "సార్, బిల్డింగ్ పుస్తక విలువ 10 కోట్లు. 18 కోట్లకు అమ్ముతున్నాం. 8 కోట్ల లాభం ఈ ఏడాదే వస్తుందని బోర్డుకు చెప్పేశాను. ఇప్పుడు ఆడిటర్ 5 కోట్లు కూడా రాదంటున్నారు" అన్నారు. మనిషి ముఖంలో టెన్షన్ స్పష్టంగా కనిపిస్తోంది.

ఆడిటర్ చెప్పింది సరైనదే. ఆ కంపెనీ ఒక లిస్టెడ్ కంపెనీకి సబ్సిడరీ కాబట్టి, ఇండ్ ఏఎస్ అనే భారతీయ అకౌంటింగ్ ప్రమాణాలు పాటించాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 116 ప్రకారం, భవనం అమ్మి అదే భవనాన్ని అద్దెకు తీసుకుంటే మొత్తం లాభం ఒక్కసారిగా చూపడం కుదరదు. ఎంత చూపొచ్చన్నది లీజ్ ఎన్నేళ్లకు, అద్దె ఎంత, తిరిగి కొనే హక్కు ఉందా లేదా అన్న మూడు విషయాల మీద ఆధారపడుతుంది. ఈ మూడూ సంతకం పెట్టకముందు మన చేతిలో ఉంటాయి. పెట్టాక ఉండవు. అందుకే ఆ రోజు మేం వేసుకున్న లెక్కలన్నీ ఇక్కడ పెడుతున్నాను. కంపెనీ ఏదో తెలియకుండా అంకెలను మాత్రం గుండ్రం చేశాను.

ముందు చూసుకోవాల్సినవి

ఇలాంటి డీల్‌లో నేను నాలుగు ప్రశ్నలు అడుగుతాను. చేతికి నికరంగా ఎంత డబ్బు వస్తుంది? ఈ ఏడాది పీ అండ్ ఎల్‌లో ఎంత లాభం కనిపిస్తుంది? బ్యాలెన్స్ షీట్‌లో అప్పు కింద ఎంత చేరుతుంది? భవనం మీద మనకు పట్టు ఎన్నాళ్లు ఉంటుంది?

చాలామంది మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతారు. బ్యాంకు మాత్రం మూడోది చూస్తుంది. నాలుగోది వ్యాపారం నడిపేవాళ్లకు పదేళ్ల తర్వాత గుర్తొస్తుంది.

లాభం ఎందుకు తగ్గుతుంది

భవనం అమ్మామంటాం గానీ, పదేళ్లపాటు దాన్ని వాడుకునే హక్కు మన దగ్గరే ఉంచుకున్నాం. అంటే కొన్నవాళ్లకు నిజంగా ఇచ్చింది ఆ పదేళ్ల వాడకం పోగా మిగిలిన భాగమే. ఇచ్చిన భాగానికి వచ్చిన లాభమే ఇప్పుడు చూపాలి. ఉంచుకున్న భాగం మన సొంతానికి మనం అమ్ముకున్నట్టు అవుతుంది కాబట్టి దాని మీద లాభం చూపకూడదు. ఇండ్ ఏఎస్ 116 చెప్పేది ఇంతే.

మరి ఉంచుకున్న భాగం ఎంత? కట్టబోయే అద్దెలన్నింటి నేటి విలువను భవనం మార్కెట్ విలువతో భాగిస్తే వచ్చే నిష్పత్తే అది.

మన కేసులో మార్కెట్ విలువ 18 కోట్లు, అమ్మకం ధర కూడా 18 కోట్లే. అద్దె ఏడాదికి 1.20 కోట్లు, ఏడాది చివర కడతారు అనుకుందాం. కంపెనీకి బ్యాంకు అప్పు ఇచ్చే రేటు 10 శాతం. పదేళ్ల లీజ్ అయితే ఎక్సెల్‌లో ఇలా కొడితే నేటి విలువ వచ్చేస్తుంది:

```
=PV(10%,10,-1.2)
```

జవాబు 7.37 కోట్లు. దీన్ని 18తో భాగిస్తే దాదాపు 41 శాతం. అంటే భవనంలో 41 శాతం మన దగ్గరే ఉంది, 59 శాతం వెళ్లిపోయింది. మొత్తం లాభం 8 కోట్లలో 59 శాతం, అంటే 4.72 కోట్లు మాత్రమే ఈ ఏడాది చూపొచ్చు. ఆడిటర్ "5 కోట్లు కూడా రాదు" అన్నది ఈ లెక్క చూసే.

పుస్తకాల్లో పడే ఎంట్రీ ఇది (కోట్లలో). ఇందులో లీజ్ లయబిలిటీ అంటే కట్టబోయే అద్దెల నేటి విలువ, రైట్ ఆఫ్ యూజ్ ఆస్తి అంటే మన దగ్గర ఉంచుకున్న వాడకపు హక్కు:

| ఖాతా | డెబిట్ | క్రెడిట్ |
|---|---|---|
| బ్యాంకు | 18.00 | |
| రైట్ ఆఫ్ యూజ్ ఆస్తి (10 కోట్లలో 41 శాతం) | 4.10 | |
| భవనం | | 10.00 |
| లీజ్ లయబిలిటీ | | 7.37 |
| అమ్మకం మీద లాభం | | 4.72 |

అంకెలను రెండు దశాంశాలకు కుదించడం వల్ల చివరి అంకెలో ఒకటి అటూ ఇటూ కనిపిస్తుంది, అంతే.

ఇక్కడ చాలామంది తడబడేది రైట్ ఆఫ్ యూజ్ ఆస్తి దగ్గర. మామూలు లీజ్‌లో లయబిలిటీ 7.37 అయితే ఆస్తి కూడా దాదాపు 7.37 పెడతాం. లీజ్‌బ్యాక్‌లో అలా చేయకూడదు. ఆస్తి పాత పుస్తక విలువలో 41 శాతమే, అంటే 4.10 కోట్లు. అలవాటు ప్రకారం 7.37 పెట్టేస్తే లాభం మొత్తం 8 కోట్లు బయటికి వచ్చేస్తుంది. ఆ ఫైనాన్స్ హెడ్ షీట్‌లో జరిగింది సరిగ్గా అదే. నేను షీట్ తెరిచి రైట్ ఆఫ్ యూజ్ ఆస్తి గడిలో 7.37 చూడగానే తప్పు ఎక్కడుందో అర్థమైంది. ఎవరి షీట్ తనిఖీ చేసినా ముందు ఈ ఒక్క గడి చూడండి: లీజ్‌బ్యాక్‌లో లాభం ఉన్నప్పుడు ఆస్తి లయబిలిటీకి సమానంగా ఉందంటే లెక్క తప్పినట్టే.

మిగిలిన 3.28 కోట్ల లాభం పోయిందా? పోలేదు. పదేళ్లలో కట్టే అద్దె మొత్తం 12 కోట్లు. పీ అండ్ ఎల్‌లో వడ్డీ 4.63 కోట్లు, డిప్రిసియేషన్ 4.10 కోట్లు కలిపి 8.72 కోట్లే ఖర్చుగా పడుతుంది. తేడా 3.28 కోట్లు. ఆపిన లాభం పదేళ్లలో తక్కువ డిప్రిసియేషన్ రూపంలో తిరిగి వస్తుందన్నమాట. ఈ ఒక్క లెక్క బోర్డుకు చూపించగలిగితే సగం గొడవ తీరుతుంది.

ఎన్ని దారులున్నాయి

ఆ రోజు మేం ఐదు దారులు పక్కపక్కన పెట్టుకున్నాం. భవనం అమ్మకుండా తాకట్టు పెట్టి లోన్ తీసుకోవడం ఒకటి. అమ్మి 5, 10, 15 ఏళ్లకు లీజ్ రాసుకోవడం మూడు. అమ్మినా తిరిగి కొనే హక్కు పెట్టుకోవడం ఐదోది. బ్యాంకు మార్కెట్ విలువలో 60 శాతం ఇస్తుందని, 10 శాతం వడ్డీతో పదేళ్లకు కట్టాలని అనుకున్నాం. అంకెలన్నీ కోట్లలో.

| | తాకట్టు లోన్ | 5 ఏళ్ల లీజ్ | 10 ఏళ్ల లీజ్ | 15 ఏళ్ల లీజ్ | తిరిగి కొనే హక్కుతో |
|---|---|---|---|---|---|
| చేతికొచ్చేది | 10.80 | 18.00 | 18.00 | 18.00 | 18.00 |
| ఈ ఏడాది లాభం | 0 | 5.98 | 4.72 | 3.94 | 0 |
| చేరే అప్పు | 10.80 | 4.55 | 7.37 | 9.13 | 18.00 |
| రైట్ ఆఫ్ యూజ్ ఆస్తి | లేదు | 2.53 | 4.10 | 5.07 | లేదు |
| పుస్తకాల్లో భవనం | 10.00 | 0 | 0 | 0 | 10.00 |
| ఏటా కట్టేది | 1.76 | 1.20 | 1.20 | 1.20 | 1.20 |

చేతికొచ్చేది అన్న వరుసలో పన్ను తీయలేదు. దాని గురించి కింద చెప్తాను.

తాకట్టు లోన్

ఇందులో లాభం ఊసే లేదు. భవనం మన పేరు మీదే ఉంటుంది, పదేళ్ల తర్వాత అప్పు తీరిపోతుంది, పెరిగిన విలువ మనదే. బదులుగా చేతికొచ్చేది 7 కోట్లకు పైగా తక్కువ, ఏటా కట్టేది 56 లక్షలు ఎక్కువ. భూమి విలువ గట్టిగా పెరిగే చోట ఉన్నవాళ్లు, 10 కోట్లతో పని అయిపోయేవాళ్లు ముందు ఈ దారి చూడటం మంచిదని నా అభిప్రాయం. అమ్మేశాక ఆ విలువ పెరుగుదలలో మనకు ఒక్క రూపాయి రాదు.

5, 10, 15 ఏళ్ల లీజ్

పట్టికలో ఒక వరుసలో లాభం తగ్గుతూ పోతుంటే దాని కింది వరుసలో అప్పు పెరుగుతూ పోతుంది. లీజ్ పొడవు పెరిగే కొద్దీ మనం ఉంచుకునే భాగం పెరుగుతుంది కాబట్టి అలా జరుగుతుంది. ఈ ఏడాది లాభం, తక్కువ అప్పు ముఖ్యమైన కంపెనీకి 5 ఏళ్ల లీజ్ బాగా కనిపిస్తుంది. కానీ ఇక్కడ ఒక చిక్కుంది.

5 ఏళ్ల లీజ్‌కు ఇంకో 5 ఏళ్లు పొడిగించే హక్కు పెట్టుకుంటే, ఆ హక్కు వాడుకోవడం దాదాపు ఖాయమైనప్పుడు లీజ్ కాలం పదేళ్లే అని లెక్కేయాలి. లోపల క్లీన్ రూమ్ కట్టారు, భారీ మెషిన్లకు పునాదులు వేశారు, లైసెన్సులు ఆ అడ్రస్ మీద ఉన్నాయి. ఇలాంటి చోట ఐదేళ్లకు ఖాళీ చేస్తామంటే ఆడిటర్ నమ్మరు. "ఎక్కడికి వెళ్తారు? వెళ్లడానికి ఎంత ఖర్చవుతుంది?" అని అడుగుతారు. జవాబు లేకపోతే 5.98 కోట్ల లాభం కాస్తా 4.72 కోట్లకు వచ్చేస్తుంది. మామూలు ఆఫీస్ ఫ్లోర్ అయితే, పక్క వీధిలోనే అలాంటిది దొరుకుతుందంటే, 5 ఏళ్ల లెక్క నిలబడే అవకాశం ఎక్కువ.

పట్టికలోని లెక్కలో అద్దె పదేళ్లూ ఒకేలా ఉందనుకున్నాం. మన దగ్గర లీజ్‌లు అలా ఉండవు. మూడేళ్లకోసారి 15 శాతం పెంపు రాసుకోవడం మామూలు. డీడ్‌లో ముందే రాసుకున్న ఆ పెంపు కూడా లయబిలిటీలోకి రావాలి. అది కలిపితే పదేళ్ల నేటి విలువ 7.37 నుంచి 8.49 కోట్లకు పెరుగుతుంది, లాభం 4.72 నుంచి 4.22 కోట్లకు తగ్గుతుంది. ఒక్క లైన్ మర్చిపోతే 50 లక్షల తేడా. ఆ ఫైనాన్స్ హెడ్ తెచ్చిన డీడ్‌లో ఈ పెంపు ఏడో పేజీలో ఉంది, షీట్‌లో లేదు. అద్దె ఎంత అన్న పేరా చదివి ఊరుకోకుండా, చివరి షెడ్యూల్ దాకా చదవమని అందుకే చెప్తాను.

నేటి విలువ కట్టడానికి వాడే డిస్కౌంట్ రేటు కూడా ఇంతే సున్నితం. 10 శాతానికి బదులు 8 శాతం తీసుకుంటే పదేళ్ల లయబిలిటీ 8.05 కోట్లు, లాభం 4.42 కోట్లు అవుతుంది. లాభం ఎక్కువ చూపాలనుకునేవాళ్లు రేటు ఎక్కువ పెట్టాలని చూస్తారు. మీ కంపెనీకి అదే కాలానికి, అలాంటి ఆస్తి హామీ మీద బ్యాంకు ఇచ్చే రేటుకు రుజువుగా ఒక శాంక్షన్ లెటర్ ఫైల్‌లో పెట్టుకుంటే ఆడిటర్‌తో వాదన ఉండదు.

తిరిగి కొనే హక్కు పెట్టుకుంటే

సొంత భవనం మీద మమకారం ఉన్న ప్రమోటర్లు అడిగేది ఇదే: "పదేళ్ల తర్వాత మేమే కొనుక్కునేలా ఒక క్లాజ్ పెట్టండి." వినడానికి బాగుంటుంది. కానీ ఆ హక్కు మన చేతిలో ఉన్నంత కాలం కొన్నవాళ్లకు భవనం మీద పూర్తి అదుపు వచ్చినట్టు కాదు. అమ్మకం ఎప్పుడు జరిగినట్టో చెప్పే ఇండ్ ఏఎస్ 115 ప్రకారం అది అమ్మకమే కాదు. అప్పుడు ఇండ్ ఏఎస్ 116లోని పాక్షిక లాభం లెక్కకు చోటే ఉండదు. భవనం పుస్తకాల్లో అలాగే ఉండి డిప్రిసియేషన్ కొనసాగుతుంది. వచ్చిన 18 కోట్లు ఆర్థిక అప్పుగా కూర్చుంటాయి. లాభం సున్నా.

పైగా ఆ అప్పు వడ్డీ ఎంతో డీడ్‌లో రాసి ఉండదు, మనమే వెతుక్కోవాలి. ఏటా 1.20 కోట్లు కట్టి పదేళ్ల చివర 24 కోట్లకు తిరిగి కొనుక్కునేలా ఉంటే, నిజమైన వడ్డీ ఏడాదికి సుమారు 8.9 శాతం. మొదటి ఏడాది ఖర్చు 1.20 కాదు, 1.60 కోట్లు. కట్టనిది అప్పుకు కలుస్తూ పోతుంది.

డబ్బే ముఖ్యం, లాభం అక్కర్లేదు, భవనం మాత్రం వదులుకోను అనుకునే కంపెనీకి ఇది తప్పుడు దారేమీ కాదు. బ్యాంకు 60 శాతం ఇచ్చే చోట 100 శాతం అప్పు దొరికినట్టే. కాకపోతే దాన్ని అమ్మకం అని బోర్డుకు చెప్పకూడదు. పాత లోన్‌లలో అప్పుకు పరిమితి ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తపడాలి. ఒక్కసారిగా 18 కోట్ల అప్పు చేరితే ఆ పరిమితి దాటిపోవచ్చు.

మధ్యే మార్గం ఒకటుంది. కొన్నవాళ్లు బయటివాళ్లకు అమ్మాలనుకున్నప్పుడు, అదే ధరకు ముందు మనల్ని అడగాలనే క్లాజ్. అమ్మాలా వద్దా అన్నది వాళ్ల చేతిలోనే ఉంటుంది కాబట్టి, సాధారణంగా ఇది అమ్మకం అవడానికి అడ్డు రాదు. క్లాజ్‌లో ధర ముందే ఖాయం చేస్తే మాత్రం కథ మారిపోతుంది.

కొన్నవాళ్ల డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడాలి. 2007లో హెచ్‌ఎస్‌బీసీ లండన్ కానరీ వార్ఫ్‌లోని తన ప్రధాన కార్యాలయాన్ని మెట్రోవాసేసా అనే స్పెయిన్ కంపెనీకి 109 కోట్ల పౌండ్లకు అమ్మి, అదే భవనంలో అద్దెకు ఉంది. కొనడానికి కావాల్సిన డబ్బులో పెద్ద భాగం హెచ్‌ఎస్‌బీసీయే అప్పుగా ఇచ్చింది. మార్కెట్ కుప్పకూలి ఆ అప్పును వేరే చోటికి మార్చుకోలేకపోవడంతో, 2008 చివర్లో హెచ్‌ఎస్‌బీసీ ఆ భవనాన్ని 83.8 కోట్ల పౌండ్లకు తిరిగి తీసుకుంది. ఆ బ్యాంకుకు అది లాభంగానే ముగిసింది. కానీ అమ్మినవాళ్లే కొన్నవాళ్లకు అప్పిస్తే భవనం రిస్క్ నిజంగా చేతులు మారిందా అన్న ప్రశ్న ఆడిటర్ తప్పకుండా అడుగుతారు.

ధర పెంచి రాసుకుంటే లాభం పెరుగుతుందా

లాభం సరిపోలేదనగానే ఎవరో ఒకరు ఈ ఆలోచన తెస్తారు. 18కి బదులు 20 కోట్లు ధర రాద్దాం, అద్దె కూడా కాస్త పెంచుదాం. కొనేవాళ్లు ఒప్పుకుంటారు, ఎందుకంటే ఎక్కువ ఇచ్చిన 2 కోట్లు అద్దెలో వెనక్కి వస్తాయి.

పదేళ్లకు 10 శాతం చొప్పున 2 కోట్లు రాబట్టాలంటే ఏటా 32.55 లక్షలు అదనం. అంటే అద్దె 1.20 నుంచి 1.5255 కోట్లు అవుతుంది. దీని నేటి విలువ 9.37 కోట్లు. అందులో మార్కెట్ ధర కంటే ఎక్కువ వచ్చిన 2 కోట్లను అప్పుగా విడదీయమంటుంది స్టాండర్డ్. మిగిలింది 7.37 కోట్లు, అంటే పాత లయబిలిటీయే. లాభం 4.72 కోట్లు దగ్గరే ఉంటుంది. మారిందల్లా అప్పు 2 కోట్లు పెరగడం. దానికి తోడు ఎక్కువ ధర మీద స్టాంప్ డ్యూటీ కట్టాలి.

ధర మార్కెట్ కంటే తక్కువైతే దీనికి తిరగేసిన లెక్క: తక్కువైన మొత్తాన్ని ముందే కట్టిన అద్దెగా చూడాలి.

అందుకే అమ్మకానికి ముందు స్వతంత్ర వాల్యూయర్ రిపోర్ట్ కావాలి. మార్కెట్ ధర ఎంతో కాగితం మీద లేకపోతే 18 అసలు ధరా, 20 అసలు ధరా అన్న వాదనకు అంతుండదు.

అద్దె అమ్మకాల్లో శాతంగా ఉంటే

షోరూమ్‌లు, హోటళ్లు, మల్టీప్లెక్స్‌లు ఈ రకం అద్దె ఇష్టపడతాయి. అమ్మకాల్లో 4 శాతం అద్దె అనుకుందాం. మామూలు లీజ్‌లో ఇలాంటి అద్దెను లయబిలిటీలో కలపం, కట్టినప్పుడు ఖర్చు రాస్తాం. లీజ్‌బ్యాక్‌లో కూడా అలాగే చేస్తే లయబిలిటీ సున్నా, అంటే ఏమీ ఉంచుకోనట్టు, 8 కోట్లూ లాభం. ఈ సందును మూసేశారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16కు 2022 సెప్టెంబర్‌లో సవరణ వచ్చింది. మన దగ్గర 2024 సెప్టెంబర్‌లో అదే మార్పు ఇండ్ ఏఎస్ 116లోకి వచ్చి, 2024 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే సంవత్సరాలకు వర్తిస్తుంది. ఉంచుకున్న హక్కు మీద లాభం ఏదీ కనిపించకుండా లయబిలిటీ లెక్క వేయాలన్నది దాని సారం.

ఒక షోరూమ్ అమ్మకాలు ఏడాదికి 30 కోట్లు ఉంటాయని అంచనా వేస్తే 4 శాతం అంటే 1.20 కోట్లు. లయబిలిటీ మళ్లీ 7.37 కోట్లు, లాభం 4.72 కోట్లు. మొదటి ఏడాది అమ్మకాలు 33 కోట్లైతే అద్దె 1.32 కోట్లు కడతారు. లయబిలిటీ లెక్కలో వాడింది 1.20 కోట్లు కాబట్టి ఎక్కువైన 12 లక్షలు ఆ ఏడాది ఖర్చులోకి పోతాయి. అమ్మకాలు ఊగిసలాడే వ్యాపారానికి చేతి డబ్బు పరంగా ఈ అద్దె మంచిదే, కష్టకాలంలో భారం తగ్గుతుంది. లాభం ఎక్కువ చూపొచ్చన్న ఆశతో మాత్రం దీన్ని ఎంచుకోవద్దు.

పన్ను లెక్క వేరు

ఆదాయపు పన్ను ఈ వాయిదాను పట్టించుకోదు. అమ్మిన ఏడాదే మొత్తం లాభం మీద లెక్క వేస్తారు, అదీ పుస్తక విలువ మీద కాదు, పన్ను లెక్కల్లో మిగిలిన విలువ మీద. డిప్రిసియేషన్ క్లెయిమ్ చేసిన భవనం మీద లాభం ఎన్నేళ్ల తర్వాత అమ్మినా షార్ట్ టర్మ్ కిందే పోతుంది. భూమి భాగాన్ని విడిగా చూస్తారు. కాబట్టి సేల్ డీడ్‌లో భూమికి ఎంత, భవనానికి ఎంత అన్న విభజన ముందే వాల్యూయర్‌తో చేయించుకోండి. పుస్తకాల్లో చూపే లాభానికీ పన్ను లెక్కకూ వచ్చే తేడా మీద డిఫర్డ్ ట్యాక్స్ ఎంట్రీ ఉంటుంది.

అద్దె మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. 1.20 కోట్ల మీద 21.60 లక్షలు. ఫ్యాక్టరీకీ, సాఫ్ట్‌వేర్ కంపెనీకీ ఇది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. వైద్య సేవల మీద జీఎస్టీ మినహాయింపు ఉన్న ఆసుపత్రికి, స్కూలుకు ఆ క్రెడిట్ రాదు. వాళ్లకు అది ఏటా నేరుగా ఖర్చే. లీజ్‌బ్యాక్ ఆలోచిస్తున్న ఆసుపత్రి యాజమాన్యాలు నా దగ్గరికి వస్తే, నేను మొదట వేసి చూపించేది ఈ 21.60 లక్షల లెక్కే. లోన్ వడ్డీ మీద ఆ భారం లేదు.

ఇండ్ ఏఎస్ వర్తించని కంపెనీలు

లిస్ట్ కాని, నెట్ వర్త్ 250 కోట్ల లోపు ఉన్న, లిస్టెడ్ గ్రూపుతో సంబంధం లేని కంపెనీలకు సాధారణంగా లీజ్‌ల మీద ఉన్న పాత ప్రమాణం ఏఎస్ 19 వర్తిస్తుంది. దాని ప్రకారం మార్కెట్ ధరకు అమ్మి, ఆపరేటింగ్ లీజ్‌కు తీసుకుంటే మొత్తం 8 కోట్లూ ఈ ఏడాదే లాభం, లీజ్ లయబిలిటీ లేదు. ఒకే డీల్, రెండు రకాల పుస్తకాలు. కానీ రెండు మూడేళ్లలో మెయిన్ బోర్డ్ ఐపీఓ ఆలోచన ఉంటే జాగ్రత్త. ఆఫర్ డాక్యుమెంట్‌లో మూడేళ్ల లెక్కలు ఇండ్ ఏఎస్‌లో చూపాలి. అప్పుడు ఈ 8 కోట్లు మళ్లీ చర్చకు వస్తాయి, లయబిలిటీ కనిపిస్తుంది.

ఆ కంపెనీ ఏం చేసింది

వాళ్లకు కావాల్సింది 15 కోట్లు, కొత్త లైన్ వేయడానికి. లోన్‌తో 10.80 దాటదు. ప్రమోటర్ తిరిగి కొనే హక్కు గట్టిగా అడిగారు, కానీ పాత టర్మ్ లోన్‌లోని అప్పు పరిమితి దానికి అడ్డొచ్చింది. మెషిన్లు లోపల బిగించి ఉన్నాయి కాబట్టి 5 ఏళ్ల లెక్క నిలబడదని ఆయనే ఒప్పుకున్నారు. చివరికి పదేళ్ల లీజ్, మూడేళ్లకోసారి 15 శాతం పెంపు, తిరిగి కొనే క్లాజ్ తీసేసి "ముందు మమ్మల్ని అడగాలి" అన్న క్లాజ్ పెట్టించాం. బోర్డు నోట్‌లో 8 కోట్ల చోట 4.22 కోట్లు అని మార్చి, మిగిలిన 3.78 కోట్లు పదేళ్లలో ఎలా తిరిగొస్తాయో ఏడాదివారీ షెడ్యూల్ జత చేశాం. రిజిస్ట్రేషన్ మార్చి 28న అయింది.